మొండికేసిన చెయిన్ పిన్ను

సాగిన సైకిల్ చెయిన్‌ను సాధారణంగా ఒక అంగుళం, అంటే రెండు లింకులు తగ్గిస్తారు. పిన్ను కదలకపోతే సుత్తి ఎత్తే ముందు దాని తలను చూడండి. ఫ్యాక్టరీలో కొట్టి వెడల్పు చేసిన ఆ అంచే బయటి పలకను పట్టి ఉంచుతుంది. పైకి కనిపించే తలను ఆకురాయితో పలకకు సమానంగా అరగదీయాలి. అసలు పని ఇదే.

తర్వాత, పిన్ను కిందికి జారేంత రంధ్రమున్న నట్టుపై లింకును ఆనించి, పిన్ను కన్నా సన్నని పంచ్‌ను నిటారుగా పెట్టి కొట్టాలి. పంచ్ వాలితే పలక వంగి, లింకు బిగుసుకుంటుంది. వేళ్లతో ఆడిస్తే తెలిసిపోతుంది. రెండు కొసల్లోనూ రోలర్ ఉన్న లోపలి లింకులే మిగలాలి. వాటిని క్లిప్పు లింకుతో కలపండి. క్లిప్పు మూసిన వైపు చెయిన్ కదిలే దిశకు ఉండాలి. గేర్ల సైకిల్‌లో మాత్రం తీసిన పిన్నును మళ్లీ కొట్టకండి, అది నిలవదు.