డ్రెయిన్ కాస్తా కెనాల్ అయ్యింది, రాసినోళ్ల పేరు మాత్రం రాలేదు

మొన్న కొత్తపేటలో మా చిన్నాన్న కొడుకు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి తన పీజీ ప్రాజెక్టు చూపించాడు. 2011 ఖరీఫ్‌లో మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు గదా, దాని మీద ఇంగ్లీషులో రాశాడు. "ముందు కాపీ 38 శాతం చూపించింది అన్నయ్యా. ఓ సైట్‌లో పడేసి మాటలు మార్పించేశాను. ఇప్పుడు 7 శాతమే. ఇంక బెంగ లేదు" అన్నాడు.

రెండో పేజీ దగ్గరే ఆగిపోయాను. అందులో ఉన్నది మన కోనసీమ కాదు మరి.

వాడి మొదటి వాక్యం తెలుగులో చెప్పాలంటే ఇదీ: డ్రెయిన్లలో పూడిక తీయక చేలు మునుగుతున్నాయి, కనీస మద్దతు ధర ఖర్చులకి చాలడం లేదు, అందుకే రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. సైట్ తిప్పి ఇచ్చిన దాంట్లో క్రాప్ హాలిడే 'హార్వెస్ట్ వెకేషన్' అయ్యింది. మినిమం సపోర్ట్ ప్రైస్ 'లీస్ట్ హెల్ప్ కాస్ట్' అయ్యింది. డ్రెయిన్ 'కెనాల్' అయ్యింది.

మొదటిదానికి నవ్వొస్తుంది. ఊడుపులే ఊడ్చకపోతే కోతలకి సెలవేంటండీ? రెండోది నవ్వులాట కాదు. ప్రైస్ అంటే రైతు చేతికొచ్చే డబ్బు, కాస్ట్ అంటే రైతు చేతిలోంచి పోయే డబ్బు. వాక్యం బోర్లా పడిపోయింది.

అన్నిటికన్నా చెడ్డది మూడోది. ఎందుకంటే అది చూడ్డానికి బాగానే ఉంటుంది. కెనాల్ చేలోకి నీళ్లు తెస్తుంది, డ్రెయిన్ చేలోంచి ముంపు నీళ్లు తీసుకుపోతుంది. డెల్టాలో పుట్టిన పిల్లోడికి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. బయట ఊరి సారు 'కెనాళ్లలో పూడిక' అని చదివితే మాత్రం, శివారు చేలకి నీళ్లందలేదు కాబోలు అనుకుంటాడు. మన ముంపు కష్టం కాస్తా నీటి ఎద్దడి అయిపోయింది.

ఎందుకిలా అవుతుందంటే, ఆ సైట్‌కి చేను తెలీదు. ఒక్కో మాట తీసి, దానికి దగ్గరగా ఉన్న ఇంకో మాట పెడుతుంది. రెండు మూడు మాటలు కలిసి ఒకే పేరు అయిన చోట కూడా విడదీసి మార్చేస్తుంది. ఇది మన ఒక్కరి బాధే కాదు. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే పరిశోధకులు ఇలాంటి మాటల్ని సైన్సు పేపర్లలోనే పట్టుకున్నారు. బ్రెస్ట్ క్యాన్సర్ 'బోజమ్ పెరిల్' అయ్యింది, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయ్యింది. వాటికి వాళ్లు పెట్టిన పేరు టార్చర్డ్ ఫ్రేజెస్, అంటే చిత్రహింసలు పడ్డ మాటలు. దాక్కోడానికి వేసిన ముసుగే ఇప్పుడు పట్టించే ఆనవాలు.

సరే, మాటలన్నీ సరిగ్గానే మారాయనుకుందాం. అప్పుడైనా తప్పు పోతుందా? మావాడు కారణాల వరస మొత్తం తీసుకున్నది, ఆనాడు ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ రిపోర్టులోంచి. ఆ పేరు ప్రాజెక్టులో ఎక్కడా లేదు. 38 శాతం ఉన్నప్పుడూ లేదు, 7 శాతానికి దిగాకా లేదు. పక్కోడి తోటలో దింపిన కాయల్ని పీచు వలిచి తెచ్చినంత మాత్రాన తోట మనదైపోదు గదా. పైగా మాటలు మార్చకముందు ఓ వాక్యం వెతికితే అసలు రిపోర్టు దొరికేది. ఇప్పుడా జాడ కూడా చెరిపేశాడు.

యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు చూడండి. ఇంకొకరి రాతనే కాదు, ఆలోచనని సొంతమన్నట్టు చూపించినా అది ప్లేజియరిజమే. శాతం కొలిచేది మాటల పోలికని మాత్రమే. ఇంకో సంగతి, మూలం చెప్పి, కావాల్సిన చోట అనుమతి తీసుకుని ఎత్తి రాసిన భాగాన్ని ఆ లెక్కలోంచి తీసేయమని ఆ నిబంధనల్లోనే ఉంది. అంటే పేరు చెబితే పోయే భయానికి, మావాడు అర్థాన్ని చంపుకున్నాడు.

ఆ సాయంత్రం రిపోర్టు మూయించి, "చదివింది నాకు చెప్పరా" అన్నాను. తెలుగులో చెప్పాడు, తర్వాత దాన్నే ఇంగ్లీషులో రాసుకున్నాడు. పేరా మొదట్లోనే ఇది ఫలానా కమిటీ చెప్పింది అని రాసి, పేజీ నంబరు వేశాడు. ఎత్తి రాయాల్సిన ఒక్క వాక్యాన్ని కోట్స్‌లో పెట్టాడు. డ్రెయిన్‌ని డ్రెయిన్‌గానే ఉంచాడు. ఊళ్లో వాళ్ల నాన్న ఆ ఏడాది ఏం నష్టపోయాడో అడిగి, అది వేరే పేరాలో చిన్నాన్న చెప్పిందిగానే రాశాడు.

మళ్లీ చెక్ చేస్తే 7 కన్నా కాస్త ఎక్కువే వచ్చింది. రంగు పడ్డ చోట్లు ఒక్కొక్కటీ తెరిచి చూశాం. కమిటీ పేరు, మినిమం సపోర్ట్ ప్రైస్ అన్న మాట, కోట్స్‌లో పెట్టిన ఆ వాక్యం. అవి అలాగే ఉండాల్సినవే. "ఉండనీరా" అన్నాను.