మార్ఫిన్ అంటే ‘ఇక అంతే’ కాదు

ఊపిరితిత్తుల కేన్సర్ ఎముకలకు పాకిన అరవై రెండేళ్ల రైతు ఉన్నాడనుకుందాం. ట్రామడాల్ పనిచేయడం మానేసింది. డాక్టరు మార్ఫిన్ మాత్ర రాయగానే పెద్దకొడుకు అడుగుతాడు: “అంటే ఇక అంతేనా, డాక్టరు గారూ?” ఈ భయంతోనే చాలా ఇళ్లలో మందు బీరువాలోనే ఉండిపోతుంది, మనిషి రాత్రంతా మూలుగుతూ ఉంటాడు.

మోతాదు కొలిచి ఇస్తే మార్ఫిన్ చావును ముందుకు జరపదు. డాక్టరు అతనికి ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు గంటలకు 5 మిల్లీగ్రాముల చొప్పున, రాత్రి పదికి 10 రాశాడు. రోజుకు మొత్తం 30. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఇవ్వాలి. మధ్యలో నొప్పి తిరగబెడితే రోజు మొత్తంలో ఆరో వంతు, అంటే 5, అదనంగా ఇవ్వొచ్చు. మొదటి రోజు అలా మూడుసార్లు అవసరమైంది. మొత్తం 45 అయింది కాబట్టి డాక్టరు విడి మోతాదును ఏడున్నరకు పెంచాడు.

మొదటి రెండు మూడు రోజులు మగత, వికారం ఉండొచ్చు, తర్వాత తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు. అందుకే విరేచనం మాత్ర మొదటి రోజు నుంచే తోడుండాలి. పిలిచినా పలకకుండా మత్తులోకి జారినా, కాళ్లు చేతులు ఉలిక్కిపడుతున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి. మూత్రపిండాలు మందును బయటికి పంపలేకపోతే ఇలా అవుతుంది.

ఆయాసానికీ ఇదే మందు చిన్న మోతాదులో పనికొస్తుంది. మెదడు పడే ఊపిరాడని బాధను అది తగ్గిస్తుంది. దానికి ముందు టేబుల్ ఫ్యాన్ గాలి బుగ్గలకూ ముక్కుకూ తగిలేలా పెట్టండి. ముఖానికి తగిలే చల్లగాలి ఆయాసాన్ని తగ్గిస్తుంది. ముందు దిండు పెట్టి, దాని మీదకు వాలి కూర్చోబెట్టండి. రక్తంలో ఆక్సిజన్ తగ్గకపోతే సిలిండర్ వల్ల పెద్ద లాభం లేదు.

ఆఖరి రోజుల్లో తిండి ఆగిపోతుంది. కోడలు గంజి నోట్లో పోస్తే దగ్గు వస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తినకపోవడం వల్ల మనిషి పోవడం లేదు, పోతున్నాడు కనుకే ఆకలి పోయింది. తడి దూదితో పెదవులు తుడిస్తే చాలు. గొంతులో గురగుర వినిపిస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అది చూసేవాళ్లకు భరించలేనట్టుంటుంది కానీ మగతలో ఉన్నవాడికి బహుశా తెలియదు. శ్వాస మధ్యలో ఆగి మళ్లీ మొదలవడం కూడా ఈ దశలో మామూలే.

మింగలేనప్పుడు మందును చర్మం కింద సూదితో ఇస్తారు. అది ఎవరు ఇస్తారు, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, ఐసీయూకు తీసుకెళ్లాలా వద్దా అన్నవి మనిషి మాట్లాడగలుగుతున్నప్పుడే అతణ్నే అడిగి, కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే అర్ధరాత్రి ఆయాసం పెరిగినప్పుడు ఆ నిర్ణయం భయమే తీసుకుంటుంది.