ఇంట్లో దొరకని ఇల్లు

కిందటి నెల నా పాత వ్యాసం ఒకటి కావాల్సి వచ్చింది. వానాకాలంలో పెంకుటిళ్ల కప్పులు కారడం గురించి ఎప్పుడో రాసింది. కంప్యూటర్‌లో నా వ్యాసాలున్న ఫోల్డర్ తెరిచి, వెతికే చోట ‘ఇల్లు’ అని కొట్టాను. ఏవేవో వచ్చాయి గానీ అది రాలేదు. చివరికి తేదీలు చూసుకుంటూ పోయి పట్టుకున్నాను. తెరిచి చూద్దును కదా, వ్యాసం నిండా ఇల్లే! కాకపోతే ‘ఇంటి కప్పు’, ‘ఇంట్లో బక్కెట్లు’, ‘ఇంటికొచ్చిన చుట్టాలు’, ‘ఊళ్లో ఇళ్లన్నీ’. ‘ఇల్లు’ అన్న రూపం ఒక్కసారీ లేదు. ‘పెంకుటిల్లు’ ఒకచోట ఉంది గానీ, అందులో ‘ఇ’ పోయి ‘టి’కి గుడిగా మారింది. కంప్యూటర్ లెక్కలో ‘ఇ’ అనే అక్షరం వేరు, గుడి వేరు. అందుకని అదీ తగల్లేదు.

ఇలాంటి చిక్కు ఇంగ్లీషులో చిన్నది. కనెక్ట్, కనెక్టెడ్, కనెక్టింగ్, కనెక్షన్ అన్నీ ఒకే మాట రూపాలు. తోక కోసేస్తే అన్నీ ‘కనెక్ట్’ దగ్గర కలుస్తాయి. ఈ తోక కోసే పనినే స్టెమింగ్ అంటారు. కేంబ్రిడ్జిలో పనిచేసిన మార్టిన్ పోర్టర్ 1980లో దీనికి అయిదు అంచెల్లో నియమాలు రాశాడు. వాటిలో నిఘంటువు లేదు. ఉన్నదల్లా ఒక జాగ్రత్త: కోయగా మిగిలే మొండెం మరీ చిన్నదైతే కోయకూడదు. అందుకే రీప్లేస్‌మెంట్‌లో ‘మెంట్’ ఊడుతుంది, సిమెంట్‌లో ఊడదు.

అదే కత్తెర తెలుగు మీద పెట్టి చూద్దాం. బహువచనం ‘లు’ కనుక చివర ‘లు’ ఉంటే తీసెయ్యమందాం. పూలు ‘పూ’ అవుతుంది, బాగానే ఉంది. రైలు ‘రై’ అవుతుంది, పాలు ‘పా’ అవుతుంది, జైలు ‘జై’ అవుతుంది. పోర్టర్ జాగ్రత్త ఇక్కడ అక్కరకు రాదు. పూలు, పాలు, రైలు మూడూ రెండేసి అక్షరాలే. ఏ తోక నిజమైనదో పొడవును బట్టి తేలదు. ‘లో’ తీసెయ్యమంటే కిలో బియ్యం ‘కి’ బియ్యమవుతుంది. ‘ని’ తీస్తే పని పోతుంది, ‘కు’ తీస్తే ఆకు రాలుతుంది.

అయినా మాట వికారంగా మిగలడం అసలు తప్పు కాదు. దాచేటప్పుడూ వెతికేటప్పుడూ ఒకే కత్తెర వాడితే ‘రై’ని ‘రై’తో పోల్చుకుని రైలును పట్టుకోవచ్చు. చూసేది యంత్రమే కదా, దానికి అందచందాలతో పనిలేదు. నష్టం రెండు చోట్ల జరుగుతుంది. జైలు గురించి అడిగినవాడికి ‘జై’ అన్న నినాదాలూ వచ్చి పడతాయి. రైలు ‘రై’ అయితే రైళ్లు ‘రైళ్’ అవుతుంది, ఆ రెండూ ఇక కలవవు. ఈ రెండో జబ్బుకే మందు తక్కువ.

ఎందుకంటే తెలుగులో ప్రత్యయం ఊరికే వెనక వచ్చి కూర్చోదు, ముందున్న మాటను మార్చి కూర్చుంటుంది. బాలవ్యాకరణం చదివినవాళ్లకు ఔపవిభక్తికాలు గుర్తుండే ఉంటాయి: ఇల్లు–ఇంటి, కన్ను–కంటి, నెయ్యి–నేతి, చెయ్యి–చేతి. ఇల్లు, ఇంట్లో, ఇళ్లు, తెలంగాణలో ఇండ్లు. ఈ నాలుగింటికీ మొదట్లో ఉమ్మడిగా మిగిలింది ఒక్క ‘ఇ’. ఎంత పదునైన కత్తెరైనా అక్కడిదాకా కోస్తే ఇటుక కూడా ఇల్లే అవుతుంది. ప్రత్యయాలు ఎక్కువ కావడమే తెలుగు కష్టమని చాలామంది అంటారు. నన్నడిగితే సంఖ్య అంత ఇబ్బంది కాదు. ‘ఇళ్లలోంచే’లో నాలుగు పొరలున్నా ఓపికగా ఒక్కొక్కటే వలుచుకోవచ్చు. మొదలే మారిపోవడంతోనే వచ్చింది చిక్కంతా.

మరి వెతికే యంత్రాలు ఏం చేస్తాయి?

పద్ధతిగా చేసేవాళ్లు పదవిశ్లేషణ చేయిస్తారు. మాటల నిఘంటువు ఒకటి, ఏ మాట ఏ మాటలా నడుస్తుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటాయి. విల్లు ఇల్లులా నడుస్తుందని రాసుకుంటే ‘వింటికి’ కనపడగానే విల్లు దొరుకుతుంది. దీనికి నిఘంటువులో లేని మాట ఎదురైతే దారి ఉండదు. ఉన్న మాటలతోనూ తగువే. ‘ఏటి’ అంటే ఏరా, ఏడాదా? ‘ఏటి ఒడ్డు’లో ఒకటి, ‘ఈ ఏటి పంట’లో ఇంకొకటి. శ్రీకాకుళంవాళ్లు మాట్లాడితే అది ‘ఏమిటి’ కూడాను. తెలివైన యంత్రం ఇక్కడ తీర్పు చెప్పకుండా, ఆ మాట ఉన్నచోటే అన్ని మూలరూపాలూ రాసి పెట్టుకుంటుంది. అడిగినవాడి ప్రశ్నలోని తక్కిన మాటలు తగువు తీరుస్తాయి.

వ్యాకరణం జోలికే పోని దారి ఇంకొకటి ఉంది. మాటను అతివ్యాప్తమయ్యే చిన్న ముక్కలుగా తరిగి ముక్కలనే దాచుకోవడం. ‘ప్రభుత్వానికి’ అన్నమాటలో గుణింతం గుర్తులూ పొల్లులూ విడివిడిగా లెక్కేస్తే కంప్యూటర్‌కు 13 గుర్తులు. నాలుగేసి చొప్పున ఒక్కో గుర్తూ జరుపుకుంటూ పోతే 10 ముక్కలు. ‘ప్రభుత్వంలో’కు 8. రెంటికీ ఉమ్మడివి 5, అంటే గట్టి చుట్టరికమే. ‘ప్రభువు’తో పోలిస్తే 2 మాత్రమే కలుస్తాయి, అది జాబితాలో కిందికి పోతుంది. ఏ నియమమూ నేర్పకుండానే పని జరిగింది. ఒక మాటకు పది ముక్కలు దాచాలి కనుక సరుకు పెరుగుతుంది, అది వేరే సంగతి. కానీ మన ఇల్లు ఇక్కడా దొరకదు. ‘ఇంటికి’, ‘ఇంట్లో’ మధ్య నాలుగు గుర్తుల ముక్క ఒక్కటీ కలవదు. మూడుకు దిగితే ‘ఇంట’ కలుస్తుంది, ‘ఇల్లు’కు అదీ లేదు. పొడుగు మాటలకు పనికొచ్చే ఉపాయమిది. మనం రోజూ వాడే మాటలేమో పొట్టివి.

పెద్ద యంత్రాలు ఈ మధ్య మాట రూపాన్ని వదిలి దాని ఇరుగుపొరుగును చూస్తున్నాయి. ఇల్లు, ఇంట్లో, ఇళ్లు అన్నవి అద్దె, గోడ, తాళం లాంటి మాటల పక్కనే కనపడతాయి కనుక, కోట్ల వాక్యాలు చదివించి వాటికి దగ్గర దగ్గర అంకెలు కేటాయిస్తారు. చుట్టరికం బాగానే పసిగడతాయి గానీ గది, బంగళా కూడా అదే పొరుగు కావడంతో అడగని చుట్టాలూ వస్తారు.

నాకు నచ్చింది మాత్రం వీటన్నిటికన్నా సాదాది. దాచిన రాతను ముట్టుకోకుండా, అడిగిన మాటకే రూపాలు పుట్టించడం. ఫిన్నిష్ భాషలో ఒక నామవాచకానికి లెక్కప్రకారం వేల రూపాలున్నా రాతల్లో తరచుగా వచ్చేవి కొన్నేనని గమనించి, ఆ కాసిన్నే పుట్టించి వెతికి చూశారు అక్కడి పరిశోధకులు. ‘ఏటి’ విని ఏదో పోల్చుకోవడం కష్టం. ‘ఇల్లు’ చూసి ‘ఇంటి’ అనడం ఏ పిల్లాడైనా చేస్తాడు. అందుకే నా ఫోల్డర్ మీద ఇలా కొట్టి చూశాను.

```
ఇల్లు OR ఇంటి OR ఇంట్లో OR ఇళ్ల OR ఇళ్ళ OR ఇండ్ల
```

‘ళ్ల’, ‘ళ్ళ’ రెండూ ఎందుకంటే, నేనే ఒక్కో ఏడాది ఒక్కోలా రాశాను. ఈసారి పెంకుటిళ్ల వ్యాసం పైనే వచ్చింది. దాని కిందే, తెలుగువారి ఇంటి పేర్ల మీద రాసినదీ వచ్చింది.