జాడీల ఆర్డరూ, కస్టమర్ల లెక్కా

2011 జనవరి 18న బ్రిటన్‌లోని ఓ ఆన్‌లైన్ గిఫ్టు దుకాణానికి పెద్ద ఆర్డరొచ్చింది: పింగాణీ మూతల జాడీలు 74,215, ఖరీదు 77,183 పౌండ్లు. పదహారు నిమిషాలకే అది రద్దయింది. ఆ దుకాణం ఏడాది అమ్మకాల పట్టిక అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ఆర్‌ఎఫ్‌ఎం నేర్చుకునేవాళ్లు చాలామంది దాంతోనే మొదలుపెడతారు.

ఈ పద్ధతి ప్రతి కస్టమర్ గురించీ మూడే అడుగుతుంది. చివరిసారి ఎప్పుడు కొన్నారు (రీసెన్సీ)? ఎన్నిసార్లు కొన్నారు (ఫ్రీక్వెన్సీ)? మొత్తం ఎంత ఖర్చుపెట్టారు (మానిటరీ)?

ముందు పట్టికను శుభ్రం చేయాలి. అందులోని 5,41,909 వరుసల్లో దాదాపు పావువంతుకు కస్టమర్ నంబరే లేదు. ఎవరు కొన్నారో తెలియనివి పక్కన పెట్టక తప్పదు. C అక్షరంతో మొదలయ్యే బిల్లులు రద్దయినవి. చాలామంది వీటిని తీసిపారేస్తారు. తిప్పలంతా అక్కడే. రద్దు బిల్లు పోయినా అసలు బిల్లు మిగిలిపోతుంది, జాడీల కస్టమర్ భారీగా కొన్నట్టే కనిపిస్తాడు. తీసేయకుండా డబ్బులోంచి తగ్గిస్తే అతని ఖర్చు సున్నా.

తర్వాత లెక్క. పట్టికలో చివరి తేదీ 2011 డిసెంబరు 9 కాబట్టి, డిసెంబరు 10ని ‘ఈ రోజు’ అనుకుని రోజులు లెక్కపెట్టాలి. ఎన్నిసార్లు కొన్నారో తేల్చడానికి వరుసలు కాదు, వేర్వేరు బిల్లులు లెక్కించాలి. ఒక్క బిల్లులోనే పాతిక వస్తువులుండొచ్చు. 12347 నంబరు కస్టమర్ మూడు రోజుల కిందట కొన్నారు, ఏడు బిల్లులు, 4,310 పౌండ్లు.

ఇక మార్కులు. కస్టమర్లను ఒక్కో కొలతలో వరుసగా నిలబెట్టి అయిదు సమాన భాగాలు చేసి, 1 నుంచి 5 దాకా మార్కులివ్వాలి. రోజులు ఎంత తక్కువైతే మార్కు అంత ఎక్కువ. 12347కి 5-5-5 వస్తుంది. రద్దును పట్టించుకోకపోతే జాడీల కస్టమర్‌కు 1-1-5. అయితే ఇక్కడ సుమారు మూడోవంతు మంది కొన్నది ఒక్కసారే. వాళ్లను బలవంతంగా రెండు భాగాలకు పంచితే ఒకే రకం వాళ్లకు వేర్వేరు మార్కులు పడతాయి. ‘ఒకసారి, రెండుసార్లు, అంతకన్నా ఎక్కువ’ అని మనమే హద్దులు పెట్టుకోవడం మేలు.

మార్కులను బట్టి ఎవరికేం చేయాలో తేలుతుంది. 5-5-5 వాళ్లకు తగ్గింపులు అక్కర్లేదు, కొత్త సరుకు ముందుగా చూపిస్తే చాలు. 1-5-5 అంటే ఒకప్పుడు బాగా కొని ఆపేసినవాళ్లు, ముందు వీళ్లనే పలకరించాలి. 5-1-1 ఇప్పుడే వచ్చినవాళ్లు, రెండోసారి రప్పించాలి. కాకపోతే క్రిస్మస్‌కు మాత్రమే కొనేవాళ్లు కూడా పోయినవాళ్లలాగే కనిపిస్తారు.

మార్కులు నిజమో కాదో తెలుసుకోవడానికి అందరికీ ఒకే ఆఫర్ పంపి చూడండి. రీసెన్సీ 5 నుంచి 1కి దిగేకొద్దీ స్పందించేవాళ్ల శాతం తగ్గాలి. అన్ని మార్కుల్లోనూ ఒకేలా ఉంటే ఆ విభజన మీ వ్యాపారానికి పనికిరాదు.