వేళ తప్పినా లెక్క తప్పని డ్యాష్‌బోర్డు

గిట్‌హబ్‌లో ఒక ప్రాజెక్టు ఫైళ్లన్నీ దాచుకునే చోటును రిపాజిటరీ అంటారు. అక్కడ దాచిన ప్రోగ్రామును చెప్పిన వేళకు తనంతట తానే నడిపించే ఏర్పాటు పేరు గిట్‌హబ్ యాక్షన్స్. ఏ పని, ఏ వరసలో, ఎప్పుడు జరగాలో రాసిపెట్టిన చిన్న ఫైలు వర్క్‌ఫ్లో. వేళ కాగానే గిట్‌హబ్ ఒక తాత్కాలిక కంప్యూటరును కేటాయిస్తుంది. అది సమాచారాన్ని తెచ్చి, పట్టికలు, పటాలు గీసి, తయారైన పేజీని గిట్‌హబ్ పేజెస్‌లో ప్రచురించి రద్దయిపోతుంది. సొంత సర్వరు లేనివాళ్లు కూడా రోజూ మారే డ్యాష్‌బోర్డును నడపగలుగుతున్నది ఇలాగే.

ఇక్కడ ఉదాహరణగా భూకంపాల డ్యాష్‌బోర్డును తీసుకుందాం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యుఎస్‌జీఎస్ ప్రపంచమంతటి భూకంపాల వివరాలను అందరికీ ఉచితంగా ఇస్తుంది. వాటిలో 4.5, అంతకు మించిన తీవ్రత ఉన్నవి గత 30 రోజుల్లో రోజుకు ఎన్ని వచ్చాయో భారత కాలమానం ప్రకారం చూపడం ఈ డ్యాష్‌బోర్డు పని. రోజూ పొద్దున ఆరు దాటాక పేజీ కొత్తగా తయారు కావాలి. దాని వేళను వర్క్‌ఫ్లో ఫైల్లో ఇలా రాస్తారు.

```yaml
on:
  schedule:
    - cron: '47 0 * * *'
  workflow_dispatch:
```

కొటేషన్లలోని అయిదు గడులు వరసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం. నక్షత్రం గుర్తుకు ‘ఏదైనా సరే’ అని అర్థం. అంటే ఇది రోజూ 0 గంటల 47 నిమిషాలకు నడవాలి. విడిగా చెప్పకపోతే గిట్‌హబ్ ఈ వేళను అంతర్జాతీయ ప్రామాణిక సమయం, అంటే యూటీసీగా తీసుకుంటుంది. భారత సమయం దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి మనకు అది ఉదయం 6:17. చివరి వరుస వల్ల అవసరమైనప్పుడు బటన్ నొక్కి చేత్తో కూడా నడపవచ్చు. ఈ ఫైలు రిపాజిటరీలోని ప్రధాన శాఖలో ఉంటేనే షెడ్యూలు పనిచేస్తుంది. వేరే శాఖలో పెట్టి ఎన్నాళ్లు ఎదురుచూసినా రన్ మొదలు కాదు.

షెడ్యూలులో రాసిన వేళ హామీ కాదు, అభ్యర్థన మాత్రమే. ఆ నిమిషం వచ్చినప్పుడు గిట్‌హబ్ పనిని వరుసలో పెడుతుంది. ఖాళీ దొరికాక అది మొదలవుతుంది. రద్దీ ఎక్కువైతే ఆలస్యమవుతుంది, మరీ ఎక్కువైతే ఆ రన్ పూర్తిగా జారిపోవచ్చు కూడా. చాలామంది గంట కొట్టే నిమిషాన్నే, అంటే సున్నానే రాస్తారు. అందుకే ప్రతి గంట మొదట్లోనూ రద్దీ పెరుగుతుంది. పై ఉదాహరణలో 47 రాసింది ఆ రద్దీని తప్పించుకోవడానికే. దానివల్ల ఆలస్యం తగ్గుతుంది కానీ పోదు. ఎంత ఆలస్యమవుతోందో తెలుసుకోవాలంటే వర్క్‌ఫ్లో మొదటి మెట్టులో `date -u` ఆదేశం పెడితే చాలు. అసలు మొదలైన వేళ లాగ్‌లో నమోదవుతుంది, దాన్ని రాసిన వేళతో పోల్చుకోవచ్చు.

రోజుకోసారి మారే పేజీకి అరగంట ఆలస్యం నష్టమా అనిపించవచ్చు. పేజీ ఆలస్యంగా రావడం వల్ల నష్టం లేదు, అంకెలు తప్పడం వల్లనే నష్టం. యుఎస్‌జీఎస్ ఇచ్చే ఫీడ్లలో ‘గత ఒక రోజు’ అనేది ఒకటి ఉంది. అడిగిన క్షణం నుంచి వెనక్కి 24 గంటల భూకంపాలు అందులో ఉంటాయి. రోజూ దాన్నే తెచ్చి పాత లెక్కకు కలుపుకుంటూ పోవడం తేలికైన దారిలా కనిపిస్తుంది. మార్చి 9న రన్ 00:55కు మొదలైందని, 10న ఆలస్యమై 01:40కి మొదలైందని అనుకుందాం. పదో తేదీ ఫీడు తొమ్మిదో తేదీ 01:40 నుంచే మొదలవుతుంది. తొమ్మిదిన 00:55కు, 01:40కి మధ్య వచ్చిన భూకంపాలు ఏ రన్‌కూ చిక్కవు. మర్నాడు రద్దీ తగ్గి 00:50కే మొదలైతే ఇందుకు తిరగబడి, పదో తేదీన యాభై నిమిషాల్లో వచ్చినవి రెండుసార్లు లెక్కకెక్కుతాయి. రెండు రన్‌లకూ పచ్చ టిక్కు పడుతుంది, ఎక్కడా ఎర్రర్ కనిపించదు. లెక్క మాత్రం తప్పు.

ఈ తప్పుకు మూలం ఆలస్యం కాదు, ‘ఇప్పుడు’ అనే క్షణాన్ని లెక్కకు ఆధారం చేసుకోవడం. కాబట్టి సమాచారాన్ని స్థిరమైన హద్దుల మధ్య అడగాలి. భారత కాలమానంలో అర్ధరాత్రి అంటే యూటీసీలో 18:30. ప్రోగ్రాము ఎప్పుడు మొదలైనా, చివరిసారి దాటిపోయిన 18:30ని కనుక్కొని, దాన్ని ముగింపుగా పెట్టుకొని 30 రోజులు వెనక్కి వెళ్లాలి. 2025 మార్చి 10 ఉదయపు రన్ అడగవలసింది ఇది.

```
https://earthquake.usgs.gov/fdsnws/event/1/query?format=geojson&minmagnitude=4.5&starttime=2025-02-07T18:30:00&endtime=2025-03-09T18:30:00
```

ఇందులో ఫిబ్రవరి 8 నుంచి మార్చి 9 దాకా 30 పూర్తి భారతీయ దినాలున్నాయి. రన్ 00:47కు మొదలైనా, రెండు గంటలు ఆలస్యమైనా, అదే రోజు 18:30 లోపు ఎప్పుడు నడిచినా అడిగే కాలం ఒకటే. అంటే దాదాపు పదిహేడున్నర గంటల ఆలస్యాన్ని ఈ పద్ధతి తట్టుకుంటుంది.

పాత లెక్కకు కలపకుండా ప్రతిసారీ 30 రోజులనూ తిరిగి తేవడంలో ఇంకో రెండు లాభాలున్నాయి. ఒక రోజు రన్ జారిపోతే మర్నాటి రన్ ఆ రోజును కూడా తెస్తుంది, ఎవరూ సరిచేయనక్కర్లేదు. రెండోది, శాస్త్రవేత్తలు పరిశీలించాక భూకంప తీవ్రతను, స్థానాన్ని సవరిస్తుంటారు. మొదట 4.6గా నమోదైనది తర్వాత 4.4 కావచ్చు. తిరిగి తెచ్చినప్పుడు ఆ సవరణలూ పేజీలోకి వస్తాయి. ఒక్క అభ్యర్థనకు ఈ సేవ 20,000 భూకంపాల దాకా ఇస్తుంది కాబట్టి ఈ లెక్కకు అది ధారాళంగా చాలు.

తయారైన ఫైళ్లను `actions/upload-pages-artifact` మూట కడుతుంది, `actions/deploy-pages` ప్రచురిస్తుంది. ఇందుకు వర్క్‌ఫ్లోకు `pages: write`, `id-token: write` అనుమతులు ఇవ్వాలి. ఆలస్యమైన రన్, చేత్తో నడిపిన రన్ ఒకేసారి ప్రచురించబోకుండా `concurrency` అనే అమరికతో రెండింటినీ ఒకే గుంపులో పెట్టాలి.

ఈ పద్ధతిలో ఒక చిక్కు మిగులుతుంది. పేజీ నేరుగా ప్రచురితమవుతుంది కాబట్టి రిపాజిటరీలో కొత్త కమిట్లు పడవు. పబ్లిక్ రిపాజిటరీలో 60 రోజుల పాటు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ షెడ్యూలును ఆపేస్తుంది. అప్పుడు యాక్షన్స్ ట్యాబులోకి వెళ్లి మళ్లీ ఆన్ చేయాలి. పాత పేజీ మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఉంటుంది. రన్ విఫలమైతే హెచ్చరిక రావచ్చు కానీ, అసలు జరగని రన్ విఫలమయ్యే అవకాశమే లేదు.

అందుకే సమాచారం ఏ తేదీ వరకు ఉందో పేజీలోనే రాయాలి. ఆ తేదీని చదువరి బ్రౌజరు ప్రస్తుత సమయంతో పోల్చి, ముగింపు హద్దు దాటి 48 గంటలు అయిపోతే ‘ఈ సమాచారం పాతది’ అని చూపేలా నాలుగు పంక్తుల జావాస్క్రిప్టు చేర్చాలి. ఈ పరీక్ష వర్క్‌ఫ్లోలో ఉంటే ఉపయోగం లేదు, ఆగిపోయిన వర్క్‌ఫ్లో తాను ఆగిపోయానని చెప్పలేదు.

గిట్‌హబ్ షెడ్యూలులో రెండు రన్‌ల మధ్య కనీసం 5 నిమిషాల ఎడం ఉండాలి, ఆ ఎడానికైనా పూచీ లేదు. నిమిషం కూడా తేడా రాకూడని హెచ్చరికలకు ఇది తగిన సాధనం కాదు. వాటికి నిరంతరం నడిచే సర్వరు కావాలి. రోజువారీ లెక్కలు చూపే డ్యాష్‌బోర్డుకు మాత్రం, కాలపు హద్దులను రన్ వేళతో ముడిపెట్టకుండా ఉంటే, ఈ ఉచిత ఏర్పాటు పూర్తిగా సరిపోతుంది.