బొమ్మ మీద మాట, బొమ్మ కింద మాట

మామిడికాయల రోజుల్లో యూట్యూబ్ తెరిస్తే ఆవకాయ వీడియోలు వరస కడతాయి. వాటిలో చాలా వీడియోల థంబ్‌నెయిల్ మీద పసుపురంగు పెద్ద అక్షరాల్లో ‘ఆవకాయ బూజు పట్టకుండా ఏడాదంతా నిల్వ ఉండాలంటే’ అని ఉంటుంది. కింద టైటిల్ చూస్తే మళ్లీ అదే వాక్యం. చూసేవాళ్లకు రెండోసారి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. పైగా ఆ ఆరు మాటలు బొమ్మలో సగం మింగేశాయి, జాడీ ఓ మూలకు పోయింది.

ఈ రెండు చోట్లూ చేసే పని వేరు. యూట్యూబ్‌లో ఎవరైనా వెతికితే ముఖ్యంగా పనికొచ్చేది టైటిల్‌లోని మాటలే. అందుకే వంటకం పేరు, సమస్య పేరు అక్కడ ఉండి తీరాలి. తెలుగువాళ్లలో చాలామంది avakaya అని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు కాబట్టి ఆ మాటనూ టైటిల్‌లో చేర్చడం మంచిదే. థంబ్‌నెయిల్‌కు ఈ బరువు లేదు. బొమ్మ చూడగానే పుట్టే ప్రశ్నకు రెండు మూడు మాటల్లో పదును పెడితే చాలు.

ఆ ఆవకాయ వీడియోనే సరిచేద్దాం. జాడీలో ముక్కలు నూనె పైకి తేలి ఉంటే, గాలి తగిలిన చోట బూజు మొదలవుతుంది. మూడో రోజు తిరగకలిపినప్పుడు ముక్కలు మునిగేదాకా నూనె పోయాలన్నది వీడియోలో అసలు సంగతి. కాబట్టి గాజు జాడీని పక్కనుంచి, దగ్గరగా ఫొటో తీయాలి. ముక్కల పైన నిలిచిన నూనె అంచు దగ్గర ఒక బాణం గుర్తు, దాని పక్కన ‘నూనె ఇక్కడిదాకా’ అన్న రెండే మాటలు. టైటిల్: ‘ఆవకాయ బూజు పట్టకుండా ఏడాదంతా నిల్వ ఉండాలంటే | avakaya’. ఇప్పుడు బొమ్మ మీది మాట విడిగా చదివితే ఎందులో నూనెో తెలియదు, టైటిల్ ఆ సంగతి చెబుతుంది. టైటిల్ ఒక్కటే చదివితే ఉపాయం ఏమిటో తెలియదు, బొమ్మ దాని జాడ చూపిస్తుంది. రెండూ కలిస్తేనే కబురు పూర్తవుతుంది. ఎక్కించే ముందు ఒకదాన్ని చేత్తో మూసి రెండోది చదవండి. మూసినా లోటేమీ కనిపించకపోతే, ఆ మూసినది ఊరికే ఉన్నట్టే.

పునరుక్తి అన్నివేళలా తప్పని నేను అనను. ప్రభుత్వ పథకం, పరీక్షా ఫలితాలు లాంటి వీడియోల్లో జనం పేరు కోసమే కళ్లు పరుగెత్తిస్తారు, ఫొటో చూసి విషయం పోల్చుకోలేరు. అక్కడ పథకం పేరు రెండు చోట్లా ఉండొచ్చు. ‘డబ్బు ఎప్పుడు పడుతుంది’ అన్నది మాత్రం ఒక్కచోటే ఉండాలి.

తెలుగు లిపితో ఇంకో చిక్కుంది. మన అక్షరాలకు పైన గుడి, కింద ఒత్తు వస్తాయి. రెండు వరసలు దగ్గరగా పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడులను తాకి, ఫోన్‌లో ముద్దగా కనిపిస్తాయి. వరసల మధ్య ఖాళీ వదలాలి, వీలైతే ఒత్తులు తక్కువున్న మాట ఎంచుకోవాలి. కుడివైపు కింది మూల వీడియో నిడివి అంకె పడుతుంది కాబట్టి అక్కడ ఏ మాటా పెట్టకూడదు. టైటిల్‌కు 100 అక్షరాల దాకా చోటున్నా ఫోన్‌లో తోక తెగిపోతుంది. ‘మా అమ్మమ్మ చెప్పిన అద్భుతమైన చిట్కాతో...’ అని మొదలుపెడితే ఆవకాయ అన్న మాట కనపడకుండానే పోవచ్చు. అసలు మాట ముందుండాలి.

రెండింటి మధ్య తేడా ఉండాలన్నాం కదా అని ‘ఉప్పు అస్సలు వేయొద్దు!’ అని బొమ్మ మీద రాసి, లోపల అయోడిన్ ఉప్పు బదులు కల్లుప్పు వాడమని చెబితే అది మోసం. ఆ సంగతి యూట్యూబ్ స్టూడియోలో పట్టుబడుతుంది. క్లిక్కుల శాతం బాగుండి, ఎంతసేపు చూశారో చూపే గీత మొదటి 30 సెకన్లలోనే జారిపోతే, బయట చెప్పింది లోపల దొరకలేదని అనుమానించాలి. క్లిక్కులు తక్కువై, వచ్చినవాళ్లు చివరిదాకా ఉంటే వీడియో బాగానే ఉంది, థంబ్‌నెయిల్, టైటిల్ జతనే మార్చి చూడాలి. సగం ఛానళ్లకు ఈ శాతం 2 నుంచి 10 మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది. మీ అంకెను మీ పాత వీడియోలతో పోల్చుకోవడం మేలు.

ఒకే వీడియోకు మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెట్టి పోల్చే సదుపాయం కూడా స్టూడియోలో ఉంది. అది గెలిచినదాన్ని తేల్చేది క్లిక్కులతో కాదు, ఎంతసేపు చూశారన్న లెక్కతో. ఆ పోలిక నడుస్తున్నన్నాళ్లూ టైటిల్‌ను కదపకండి. రెండూ ఒకేసారి మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తేలదు.