సెలవు చీటీలో ఢిల్లీ కనపడకుండా

సివిల్స్ మెయిన్స్ గట్టెక్కిన ప్రైవేటు ఉద్యోగికి తర్వాతి గండం ఢిల్లీలో కాదు, గచ్చిబౌలిలోని ఆఫీసులోనే ఎదురవుతుంది. సెలవు అడగాలి. కారణం చెబితే 'రేపోమాపో వెళ్లిపోయే మనిషి' అన్న ముద్ర పడుతుంది. కొత్త ప్రాజెక్టు పక్కవాళ్లకి పోతుంది, హైక్ దగ్గర చెయ్యి బిగుసుకుంటుంది. పోనీ ఆ ఉద్యోగం ఖాయమా అంటే అదీ లేదు. యూపీఎస్సీ ఇంటర్వ్యూకి పిలిచేది ఖాళీలకు సుమారు రెట్టింపు మందిని. అంటే సగం మంది మళ్లీ పాత సీటుకే రావాలి.

ముందు ఒక భయం తీసేద్దాం. ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేశామని యూపీఎస్సీకి హామీ ఇవ్వాల్సింది ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు మాత్రమే. ప్రైవేటు ఉద్యోగికి ఆ నిబంధన లేదు. కాబట్టి హెచ్‌ఆర్ దగ్గరికెళ్లి ఎన్‌ఓసీ అడగనక్కర్లేదు. అడిగితేనే గుట్టు రట్టవుతుంది.

చాలామంది సెలవుకు ఏ కారణం రాయాలా అని తలపట్టుకుంటారు. నన్నడిగితే పట్టించేది కారణం కాదు, లెక్క తప్పడం. ఇంటర్వ్యూ ఒక్క రోజే కదా అని రెండు రోజులు అడుగుతారు. కానీ సివిల్స్ అభ్యర్థులకు వైద్య పరీక్షలు సాధారణంగా ఇంటర్వ్యూ మర్నాటి నుంచే ఢిల్లీ ఆసుపత్రుల్లో మొదలవుతాయి. దాంతో అక్కడి నుంచి ఫోన్ చేసి 'ఇంకో రెండు రోజులు సర్' అని బతిమాలాల్సి వస్తుంది. అనుమానం అక్కడే పుడుతుంది.

ఒక అమ్మాయికి బుధవారం మధ్యాహ్నం ఇంటర్వ్యూ పడిందనుకుందాం. సోమవారం ఉదయం హైదరాబాద్‌లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మంగళవారం ఉదయం ఢిల్లీలో దిగుతుంది. ఆ రోజు విశ్రాంతి. బుధవారం ధోల్‌పూర్ హౌస్, గురువారం ఆసుపత్రి, శుక్రవారం తిరుగు రైలు. అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు రోజులూ ఒకేసారి అడగాలి. తేదీ మార్చమంటే యూపీఎస్సీ మామూలుగా ఒప్పుకోదు. అందుకే షెడ్యూలు వచ్చిన రోజే, టీమ్‌లో మరొకరు ఆ వారం పట్టుకుపోకముందే అడగడం మంచిది.

మెయిల్‌లో నాలుగు ముక్కలు చాలు: 'సోమవారం నుంచి శుక్రవారం వరకు వ్యక్తిగత పని మీద సెలవు కావాలి. శుక్రవారం ఇవ్వాల్సిన రిపోర్టు ముందు వారమే పూర్తి చేస్తాను. అత్యవసరమైతే ఫలానా వారు చూసుకుంటారు. వచ్చే సోమవారం డ్యూటీలో ఉంటాను.' ఈ చివరి వాక్యమే అసలు భరోసా. తిరిగొచ్చే రోజు తెలిశాక మేనేజర్‌కి వెళ్లే ఊరితో పని తక్కువ.

అయినా మనవాళ్లు ఊరుకోరు.

"ఏంటమ్మా, పెళ్లిచూపులా?"

"కాదు సర్, నా సొంత పని. సోమవారానికి వచ్చేస్తా."

అంతటితో ఆపాలి. 'అవును సర్' అని తలూపితే, వచ్చాక అబ్బాయి ఏం చేస్తాడో, కట్నమెంతో కూడా కల్పించాల్సి వస్తుంది. సిక్ లీవ్ ఇంకా ప్రమాదం. అన్ని రోజులంటే డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. దొంగ సర్టిఫికెట్ బయటపడితే అది క్రమశిక్షణ చర్యకు దారి. ఏదో పరీక్ష రాస్తున్నావటగా అని సూటిగా అడిగితే మాత్రం అబద్ధం వద్దు. "ఇంటర్వ్యూ ఉంది సర్. వస్తుందో రాదో తెలీదు. ఇక్కడి పని ఆగదు" అంటే సరిపోతుంది.

'ఫోన్‌లో అందుబాటులో ఉంటా' అనే మాట బుధవారానికి ఇవ్వకూడదు. యూపీఎస్సీ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. మధ్యాహ్నమంతా స్విచాఫ్ వస్తే ఆఫీసులో కథలల్లుతారు.

గుట్టు ఎక్కువగా బయటపడేది అశోక్‌నగర్ దారిలో. కోచింగ్ సెంటర్లు మాక్ ఇంటర్వ్యూల వీడియోలు యూట్యూబ్‌లో పెడతాయి. పేరు, ముఖం, ఒక్కోసారి 'ప్రస్తుతం ఎక్కడ పనిచేస్తున్నారు?' అన్న ప్రశ్నకు జవాబూ అందులోనే ఉంటాయి. ఫలితాలొచ్చేదాకా పెట్టొద్దని ముందే చెప్పి, ఆ మాట రాతలో తీసుకోవాలి. అదే నెలలో నోటీస్ పీరియడ్ ఎంత, మిగిలిన సెలవులకు డబ్బిస్తారా అని హెచ్‌ఆర్‌ని ఆరా తీయడం కూడా చాటింపు లాంటిదే. ఆ వివరాలు అపాయింట్‌మెంట్ లెటర్‌లోనో కంపెనీ పాలసీలోనో ఉంటాయి, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

ఇప్పటికే ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్ల దారి దీనికి పూర్తిగా తిరగేసింది. సచివాలయ ఉద్యోగి దరఖాస్తు అప్పుడే పై అధికారికి రాసిచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకుని ఉండాలి. ఆపై సెలవు చీటీలో 'యూపీఎస్సీ ఇంటర్వ్యూ' అనే రాయొచ్చు. దాచిపెడితే ఆఫీసు అభ్యంతరం చెబుతూ కమిషన్‌కు ఉత్తరం రాసే అవకాశముంది, దాంతో అభ్యర్థిత్వమే రద్దు కావచ్చు.